పట్టిక నిండింది, పోలిక రాలేదు

ప్రశ్న: నేను బి.ఏ. చరిత్ర రెండో సంవత్సరం, తెలుగు మీడియం. సింధు లోయ, మెసొపొటేమియా నాగరికతలను పోలుస్తూ ఇద్దరం కలిసి ప్రాజెక్టు రాయాలి. ముందు పట్టిక వేసుకుని తర్వాత పేరాలుగా మార్చమని మేడమ్ చెప్పారు. సింధు నాకు, మెసొపొటేమియా నా స్నేహితురాలికి అని పంచుకున్నాం. పద్నాలుగు వరుసల పట్టిక తయారైంది. ‘వ్యవసాయం’ దగ్గర నేను ‘గోధుమ, బార్లీ, పత్తి’ అని రాస్తే తను ‘కాలువలు, కరకట్టలు’ అని రాసింది. నా వైపు ‘రాజు’, ‘చట్టం’ గడులు ఖాళీగా ఉంటే బాగోదని ‘రాజులు లేరు, ప్రజాస్వామ్యం’ అని నింపాను. పేరాలు రాస్తుంటే ప్రతి వాక్యమూ ‘సింధులో ఇలా ఉంది, మెసొపొటేమియాలో అలా ఉంది’ అనే వస్తోంది. మేడమ్ చదివి, ‘ఇది పోలిక కాదమ్మా, రెండు నోట్సులు కలిపి కుట్టారు’ అని వెనక్కిచ్చారు. ఎనిమిది పేజీలు దాటకూడదు. తను హమ్మురాబి మీద రెండు పేజీలు రాసింది, తీసేద్దామన్నందుకు సరిగా మాట్లాడటం లేదు. పది రోజుల్లో ఇచ్చేయాలి. పట్టిక పారేసి మొదటినుంచీ రాయమంటారా?
— అనంతపురం జిల్లా నుంచి ఒక విద్యార్థిని

జవాబు: పట్టిక పారేయకండి. మీ ఇద్దరి మధ్య పంపకం మార్చండి. మీరు నిలువుగా పంచుకున్నారు, చిక్కంతా అక్కడే మొదలైంది. సింధు మీద పుస్తకం ఏదైనా వీధులు, మురుగు కాలువలు, ముద్రికలతో మొదలవుతుంది, తవ్వకాల్లో దొరికినవి అవే గనక. మెసొపొటేమియా మీద పుస్తకం రాజులు, దేవాలయాలు, శాసనాలతో మొదలవుతుంది, అక్కడి మట్టి పలకలను చదవగలుగుతున్నాం గనక. ఎవరి పుస్తకం ఇచ్చింది వాళ్ళు గడిలో పెట్టారు. వరుస పేరు ఒకటే అయినా, మీరు ‘ఏం పండించారు’ అన్నదానికి జవాబిచ్చారు, ఆమె ‘నీళ్ళెలా తెచ్చారు’ అన్నదానికి జవాబిచ్చింది. ఆ రెండు గడులను ఎన్ని వాక్యాలతో కలిపినా పోలిక పుట్టదు.

ఇప్పటినుంచి అడ్డంగా పంచుకోండి. ఒక వరుస తీసుకున్నవాళ్ళు రెండు గడులూ వాళ్ళే నింపాలి. మీరు మెసొపొటేమియా చదవాలి, ఆమె సింధు చదవాలి. మొదటి రెండు రోజులు విసుగ్గానే ఉంటుంది. కానీ మీ గడిలో ‘పత్తి’ అని రాసి పక్క గడికి వెళ్ళగానే ‘మరి వాళ్ళు బట్టలు దేంతో నేశారు?’ అన్న ప్రశ్న మీకే వస్తుంది. ఉన్నితో, అవిసెనారతో అని తేలుతుంది. పోలిక అలా ఒకే బుర్రలో పుట్టాలి. ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెడితే రాదు.

రెండో మార్పు వరుసల పేర్లలో. ‘వ్యవసాయం’, ‘మతం’, ‘పాలన’ అన్నవి సంచుల్లాంటి మాటలు, ఏది వేసినా పడుతుంది. ఒక్కో వరుసకూ ఒక ప్రశ్న పెట్టండి, రెండు నాగరికతలనూ అదే అడగండి. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే గడి అంత గట్టిగా వస్తుంది. పద్నాలుగు వరుసల్లో నాలుగైదు మిగిలితే ఎనిమిది పేజీలకు చాలు. ‘ఉనికి’, ‘కనుగొన్నవారు’ లాంటివి పరిచయంలో రెండు వాక్యాలకు సరిపోతాయి. 1921లో హరప్పాలో దయారామ్ సహానీ, 1922లో మొహెంజొదారోలో రాఖల్‌దాస్ బెనర్జీ తవ్వకాలు జరిపారన్నది తెలియాల్సిందే, కానీ దానిలో పోల్చడానికి ఏమీ లేదు. ఆభరణాలు, ఆటవస్తువుల వరుసలు కూడా వదిలేయండి. రెండు చోట్లా ఉన్నాయనడం తప్ప ఇంకో వాక్యం వాటినుంచి రాదు.

మూడోది, కుడి చివర ఇంకో నిలువు గడి గీయండి: ‘దేన్ని బట్టి తెలిసింది?’ సింధు గడిలోని మాట దాదాపు ఎప్పుడూ ఇటుక, గింజ, పూస, ముద్రిక చూసి చెప్పింది. మెసొపొటేమియా గడిలోని మాట చాలాసార్లు అప్పటివాళ్ళే రాసి పెట్టింది. ఈ తేడా పట్టికలో కనబడకపోతే పేరాలో తప్పకుండా తప్పు దొర్లుతుంది. మీ ‘ప్రజాస్వామ్యం’ అలా వచ్చిందే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కొత్త పట్టిక ఇలా మొదలుపెట్టొచ్చు. ఇది నమూనా మాత్రమే, మాటలు మీవి పెట్టుకోండి.

| ప్రశ్న | సింధు | మెసొపొటేమియా | దేన్ని బట్టి తెలిసింది |
|---|---|---|---|
| వరద ఏ నెలల్లో? పంటకు అనుకూలమా? | జులై, ఆగస్టు. నీరు దిగాక విత్తుతారు. అనుకూలం | ఏప్రిల్, మే. కోతల మీదికి వస్తుంది. ప్రతికూలం | నదుల స్వభావం, గింజలు. మెసొపొటేమియాకు పలకలు కూడా |
| ఇంటి మురుగు ఎక్కడికి పోయేది? | మామూలు ఇళ్ళనుంచి కూడా వీధి కాలువకు | పెద్ద కట్టడాల్లో కాలువలు ఉన్నాయి, ఊరంతటికీ కలిపే ఏర్పాటు అరుదు | తవ్విన ఇళ్ళు, వీధులు |
| అధికారం ఎవరిదో ఎలా తెలుస్తోంది? | పేరు లేదు, రాజసమాధి గుర్తించలేదు. కొలతలు మాత్రం అంతటా ఒకటే | పేర్లు, సమాధులు, శాసనాలు | ఇటు వస్తువులు, అటు వస్తువులు, రాతలు |
| రాత మనకెంత చెబుతోంది? | సుమారు 400 గుర్తులు, చిన్న చిన్న రాతలు, చదవలేకున్నాం | వేల పలకలు, చదవగలం | ముద్రికలు. మట్టి పలకలు |

గడిలో పూర్తి వాక్యాలు రాయకండి. పది, పదిహేను మాటలు దాటితే మీరు పేరానే గడిలో రాసేస్తున్నారని అర్థం. తర్వాత దాన్ని విడదీసి మళ్ళీ కట్టడం రెట్టింపు పని.

ఇక హమ్మురాబి, చట్టంతో పేరుమోసిన బాబిలోన్ రాజు. ఆయన పాలన సుమారు క్రీ.పూ. 1792 నుంచి 1750 వరకు. సింధు నగరాల ఉచ్చదశ సుమారు క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు. అంటే ఆయన సింహాసనం ఎక్కేనాటికి మొహెంజొదారో, హరప్పా పెద్ద నగరాలుగా నడిచే కాలం అయిపోయింది. మీ గడిలో ఉన్న నగరానికీ ఆమె గడిలో ఉన్న రాజుకూ మధ్య వందేళ్ళకు పైగా ఎడం ఉంది. ఈ పోలికలో అందరూ జారే చోటు ఇదే. మెసొపొటేమియా చరిత్ర చాలా పొడవైంది, అందులో పేరు మోసినవి తీసుకుంటే సింధు కాలం దాటిపోతాం. అందుకే పట్టిక నెత్తిన కాలం రాసి పెట్టుకోండి: సుమారు క్రీ.పూ. 2600–1900. గడిలోకి వచ్చే ప్రతి సంగతినీ ఆ గీటురాయి మీద చూడండి.

ఆ రెండు పేజీలను ఏం చేయాలన్నదానికి మూడు దారులున్నాయి. ఒకటి, పూర్తిగా తీసేయడం. కాగితానికి మేలే, స్నేహానికి కాదు. రెండోది, కాలాన్నే క్రీ.పూ. 3000–1500కి పెంచడం. హమ్మురాబి ఉంటాడు, కానీ అప్పుడు సింధు వైపు తొలి హరప్పా, మలి హరప్పా దశలు కూడా రాయాలి, ఎనిమిది పేజీలు పట్టవు. మూడోది నాకు నచ్చింది. చట్టం గురించి ఆమె చదివినదాన్ని ఉర్ నమ్ము దగ్గరికి తిప్పడం. ఆయన ఉర్ నగరాన్ని ఏలిన రాజు, ఆయన పేరు మీద దొరికిన చట్టం సుమారు క్రీ.పూ. 2100 నాటిది. మీ కాలంలోకి చక్కగా వస్తుంది. పైగా అందులో ఒంటికి గాయం చేస్తే చాలాసార్లు వెండి రూపంలో జరిమానా. హమ్మురాబి చట్టంలో సాటివాడి కన్ను పోగొడితే కన్ను తీయడమే శిక్ష. కాబట్టి హమ్మురాబికి ఒక వాక్యం మిగులుతుంది: ‘సింధు నగరాలు క్షీణించాక వచ్చిన హమ్మురాబి చట్టానికి చాలా ముందే మెసొపొటేమియాలో రాతపూర్వక చట్టం ఉంది’ అని. రెండు పేజీలు నాలుగు వాక్యాలవుతాయి, కానీ ఆమె చదివింది వృథా కాదు. ‘తీసేద్దాం’ అనకుండా ‘కాలం కుదరడం లేదు, ఉర్ నమ్ము చట్టం నువ్వు చూడగలవా?’ అని అడిగి చూడండి. అధికారం వరుస మొత్తం, రెండు గడులూ ఆమెకే ఇవ్వండి.

ఇప్పుడు ఒక వరుసను పేరాగా మార్చి చూద్దాం. మొదటిది తీసుకుందాం, ఎందుకంటే మిగతా చాలా తేడాలకు మూలం అక్కడుంది.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదులకు నీరు ప్రధానంగా తూర్పు టర్కీ కొండల్లో శీతాకాలపు వానలనుంచి, మంచు కరగడంనుంచి వస్తుంది. అందుకని పొంగేది ఏప్రిల్, మే నెలల్లో. దక్షిణ మెసొపొటేమియా అయిన సుమేర్‌లో బార్లీ కోతకొచ్చేదీ అప్పుడే. శరత్కాలంలో విత్తనం వేసేనాటికి నది అడుగంటి ఉంటుంది. అంటే నీళ్ళు కావలసినప్పుడు ఉండవు, వద్దన్నప్పుడు వస్తాయి. సింధు నదికి హిమాలయాల మంచూ, నైరుతి రుతుపవనాల వానా రెండూ తోడై జులై, ఆగస్టుల్లో పొంగుతుంది. శరత్తు నాటికి నీరు దిగి, తడి ఒండ్రు మిగులుతుంది. మన రబీ లాగే అందులో గోధుమ, బార్లీ విత్తితే మార్చి, ఏప్రిల్‌కి కోత. తర్వాతి వరద వచ్చేలోగా గింజ ఇంటికి చేరుతుంది.

ఇందులోంచి పేరా ఇలా వస్తుంది:

‘రెండు నాగరికతలకూ వరద తెచ్చే ఒండ్రే ఆధారం. అయితే వరద వచ్చే నెల రెండింటినీ వేరు చేసింది. సింధు వానాకాలంలో పొంగి, విత్తే వేళకు తగ్గేది కాబట్టి రైతు నది వదిలిపెట్టిన తడి మీద పంట తీయగలిగాడు. మెసొపొటేమియా నదులు కోతల వేళకు పొంగి, విత్తే వేళకు ఎండేవి కాబట్టి అక్కడ పంట నిలవాలంటే వసంతంలో నీటిని ఆపే కరకట్టలు, శరత్తులో నీటిని తెచ్చే కాలువలు రెండూ కావలసి వచ్చాయి. ఆ కాలువల మీద హక్కు తగాదాలకూ దారితీసింది. లగష్, ఉమ్మా నగరాలు సరిహద్దు పొలాల కోసం, నీటి కోసం తరతరాలు పోట్లాడుకున్న సంగతి అక్కడి శాసనాల్లోనే ఉంది. సింధు మైదానంలో అలాంటి పెద్ద కాలువలు ఇంతవరకు బయటపడలేదు. ఒండ్రు కింద కప్పబడిపోయి ఉండే వీలుంది కాబట్టి అసలు లేవని చెప్పలేం.’

ఈ పేరా ఎలా నడిచిందో చూడండి. మొదటి వాక్యం రెండింటికీ ఉమ్మడి సంగతి చెప్పింది. అది లేకపోతే పోల్చడానికి నేల ఉండదు. రెండో వాక్యం తేడా ఏ ఒక్క విషయంలోనో చెప్పింది. తర్వాతి రెండు ‘కాబట్టి’తో నడిచాయి. మీ పాత పేరాల్లో లోపించింది ఆ ‘కాబట్టి’యే. పట్టికలో రెండు గడుల మధ్య ఉన్న గీతను పేరాలో ఒక కారణం భర్తీ చేయాలి. ‘అయితే’, ‘కానీ’, ‘మరోవైపు’ ఎన్ని పెట్టినా అవి గీతను మాటల్లో మళ్ళీ గీయడమే. తర్వాత ఒక ఆధారం వచ్చింది, చివర హద్దు వచ్చింది. ‘దేన్ని బట్టి తెలిసింది’ అన్న గడి ఈ చివరి రెండింటికీ పనికొచ్చింది. పత్తి ఈ పేరాలో లేదు, గమనించారా? అది నిజమే, ముఖ్యమే, కానీ వరద ప్రశ్నకు జవాబు కాదు. వర్తకం దగ్గరికి వాయిదా వేయండి.

అన్ని పేరాలనూ ఇదే అచ్చులో పోయకండి. మురుగు వరుసలో కారణం ఇంత తేలిగ్గా దొరకదు. అక్కడ తేడా ఉందా లేదా అన్నది కాదు, ఎంత అన్నది. ‘సింధులో మురుగు కాలువలున్నాయి, మెసొపొటేమియాలో లేవు’ అని రాస్తే తప్పు. ఇప్పటి ఇరాక్‌లోని టెల్ అస్మర్ తవ్వకాల్లో పెద్ద కట్టడంలో ఇటుకతో కట్టిన కాలువలు దొరికాయి. మొహెంజొదారో ప్రత్యేకత ఏమిటంటే మామూలు ఇంటి స్నానపు గదినుంచి నీరు గోడలోని తూము గుండా వీధి కాలువలోకి పోయేది, ఆ కాలువకు ఇటుకల మూతలుండేవి, మధ్యమధ్య మడ్డి తీయడానికి గుంటలుండేవి. ఇక్కడ పేరా ‘ఎవరి ఇంటిదాకా?’ అన్న ప్రశ్న మీద నడవాలి. ఎందుకలా జరిగిందో తేల్చి చెప్పడానికి రాతలు లేవు. కారణం దొరకనప్పుడు కల్పించకండి. తేడాను సరైన కొలతతో చెప్పి ఆగితే చాలు. ఇంకో జాగ్రత్త: మొహెంజొదారోను చూసి ‘సింధు నగరాలన్నీ’ అనేయకండి. కచ్‌లోని ధోలావీరా పెద్ద నది ఒడ్డున లేదు, రెండు వానాకాలపు వాగుల మధ్య ఉంది. అక్కడి గొప్పతనం వాన నీటిని పట్టి ఉంచిన పెద్ద పెద్ద జలాశయాలు. గడిలో ఊరి పేరు వేసి రాస్తే ఈ పొరపాటు రాదు.

ఇప్పుడు మీ ఖాళీ గడుల సంగతి. ఖాళీ గడి సిగ్గుపడాల్సింది కాదు, కానీ ఎందుకు ఖాళీగా ఉందో అందులో రాయాలి. వెతికినా దొరకలేదా? దొరికింది, చదవలేకున్నామా? అక్కడిదాకా తవ్వలేకపోయారా? ఈ మూడూ వేరు. మొహెంజొదారో అడుగు పొరలు భూగర్భ జలం మట్టానికి కిందున్నాయి, అక్కడిదాకా తవ్వడం సాధ్యపడలేదు. అది మూడో రకం. లిపి రెండో రకం. సింధు రాతలు సగటున ఐదు గుర్తులకు మించవు. ఒకే సంగతి తెలిసిన భాషలోనూ సింధు లిపిలోనూ ఉన్న రాత ఇంతవరకు దొరకలేదు. మెసొపొటేమియా మట్టి పలకల మీది క్యూనిఫాం లిపి విషయంలో ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీది శాసనం ఆ పని చేసింది. ఒకే విషయం పాత పర్షియన్, ఎలమైట్, బాబిలోనియన్ భాషల్లో చెక్కి ఉండటంతో 19వ శతాబ్దంలో ఆ లిపిని చదవగలిగారు. రాత గురించిన మీ పేరాకు ఇదే వెన్నెముక. ‘వాళ్ళకు రాత ఎక్కువ, వీళ్ళకు తక్కువ’ అన్నది అంత గట్టి మాట కాదు, ఎందుకంటే గుడ్డ మీదో ఆకు మీదో రాసి ఉంటే అవి ఇన్నివేల ఏళ్ళు నిలవవు. మట్టి పలక నిలుస్తుంది. ఊరు తగలబడితే ఇంకా గట్టిపడుతుంది.

‘రాజులు లేరు, ప్రజాస్వామ్యం’ అన్నది కొట్టేయండి. రాజును గుర్తించలేకపోవడంనుంచి రాజు లేడనడానికి ఒక గెంతు, అక్కడినుంచి ప్రజాస్వామ్యానికి ఇంకో గెంతు. రెండింటికీ కింద నేల లేదు. రాయగలిగింది ఇది: స్పష్టంగా రాజభవనం అనదగ్గ కట్టడం, రాజు సమాధి అనదగ్గది సింధు నగరాల్లో గుర్తించలేదు. ‘పూజారి రాజు’ అని పుస్తకాల్లో కనబడే బొమ్మ పదిహేడున్నర సెంటీమీటర్ల రాతి విగ్రహం, ఆ పేరు తవ్వినవాళ్ళ కాలంలో పెట్టింది. అతను పూజారి అనడానికి గానీ రాజు అనడానికి గానీ దానిమీద రుజువు లేదు. ఇంకోవైపు, కాల్చిన ఇటుక మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఊరూరా కనబడుతుంది. తూనిక రాళ్ళు కూడా అంతే. చిన్నవి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టింపవుతూ పోతాయి, ఆ పదహారో మెట్టు రాయి పదమూడున్నర గ్రాముల పైచిలుకు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళు ఒకే తూకం వాడుతున్నాయంటే ఏదో కట్టుబాటు ఉన్నట్టే. అది ఒక రాజుదా, వర్తకులదా, ఆచారానిదా అన్నది తేలలేదు.

దీనికి ఎదురుగా మీ స్నేహితురాలి గడిలో ఉర్ రాజసమాధులు పెట్టండి. లెనార్డ్ వూలీ 1920లలో తవ్వినవి, సుమారు క్రీ.పూ. 2600–2450 నాటివి. అందులో ఒక సమాధిలోని స్త్రీ పేరు పుఅబి అని మనకు తెలుసు, ఎందుకంటే ఆమె దగ్గర దొరికిన లాపిస్ లాజులి నీలిరాయి స్థూపాకార ముద్రిక మీద ఆ పేరు రాసి ఉంది. ఇటు ముఖం ఉంది, పేరు లేదు. అటు పేరు ఉంది, సమాధి ఉంది, ఆమెతోబాటు పాతిపెట్టిన పరివారమూ ఉంది. ఒక విగ్రహాన్నీ ఒక ముద్రికనూ ఇలా ఎదురెదురుగా పెడితే, ‘పాలనా వ్యవస్థ’ అన్న పేరుతో రెండు పేజీలు రాసినదానికంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది.

పట్టికలో రెండు గడులుగా పట్టని వరుస ఒకటుంది: వర్తకం. అక్కడ మధ్య గీత చెరిపేసి ఒకే పొడవు గడి చేయండి. ఈ రెండు నాగరికతలూ ఒకదానికొకటి తెలుసు. మెసొపొటేమియాలోని అక్కాద్ రాజు సర్గోన్, సుమారు క్రీ.పూ. 2300 నాటివాడు, మెలుహ్హా, మగన్, దిల్మున్ అనే దేశాల ఓడలు తన రేవులో లంగరు వేశాయని శాసనంలో చెప్పుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఉర్ రాజసమాధుల్లో సింధు పనివాళ్ళు చేసిన పొడవాటి కార్నీలియన్ ఎర్రరాయి పూసలు దొరికాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అక్కాద్ కాలపు ముద్రిక ఒకటుంది. దాని సొంతదారు షు-ఇలిషు, మెలుహ్హా భాషకు దుబాసీ అని దానిమీదే రాసి ఉంది. సింధు లిపిని మనం చదవలేకపోతున్నాం గానీ ఆ భాష తెలిసిన దుబాసీ ఒకడు అక్కడ ఉద్యోగం చేశాడన్నమాట! తిరిగి ఇటు వచ్చిన మెసొపొటేమియా సరుకు మాత్రం సింధు నగరాల్లో చాలా తక్కువ కనబడుతుంది. ఉన్ని బట్టల్లాంటి కుళ్ళిపోయే సరుకు వచ్చి ఉండొచ్చన్నది ఒక ఊహ, ఊహగానే రాయండి. వాయిదా వేసిన పత్తి ఇక్కడ ఒక వాక్యంలో ఇముడుతుంది.

పేరాలను ఏ వరుసలో పేర్చాలన్నది మిగిలింది. ముందు నాలుగు పేజీలు సింధు, తర్వాత నాలుగు మెసొపొటేమియా అని పెట్టొచ్చు. రాయడం తేలిక, కానీ చదివేవాళ్ళు ఐదో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీ మరిచిపోతారు, మేడమ్ అన్న మాటే మళ్ళీ అంటారు. వరుస తర్వాత వరుస, ఒక్కోదానికి పేజీ, పేజీన్నర అని పెట్టొచ్చు. మీ పరిస్థితికి ఇదే నిలకడైనది, ఇద్దరూ విడివిడిగా రాసుకోవచ్చు. లోపం ఏమిటంటే వరుసల మధ్య అతుకు కనబడుతుంది. మూడోది, వరదనుంచి మొదలుపెట్టి కాలువలు, కాలువలనుంచి తగాదాలు, తగాదాలనుంచి రాతలు, రాజులు అని ఒక కారణాన్ని పట్టుకు పోవడం. చదవడానికి బాగుంటుంది, కానీ ప్రమాదముంది. కాలువల వల్లే రాజులు పుట్టారన్న వాదాన్ని తెలియకుండానే ఒప్పుకున్నట్టవుతుంది, దాన్ని ఇవాళ చరిత్రకారులు అంత సులువుగా ఒప్పుకోరు. సింధు వైపు ఆ గొలుసు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది కూడా. పది రోజుల గడువులో రెండో దారి పట్టి, ఒక వరుసనుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క వాక్యం వంతెన వేస్తే సరిపోతుంది. మురుగునుంచి అధికారానికి వెళ్తూ, ‘ఇంత కాలువను ఎవరు బాగుచేయించేవారు?’ అని అడిగితే చాలు. వర్తకాన్ని చివర పెట్టండి. అంతదాకా విడివిడిగా నడిచిన రెండూ అక్కడ ఒకే రేవులో కలుస్తాయి.

రోజుల లెక్క మీ వీలును బట్టి వేసుకోండి. నా అంచనాలో కొత్త పట్టికకు నాలుగు రోజులు పోతాయి, అది ఎక్కువ కాదు. రాసేది మూడు రోజుల్లో అయిపోతుంది. ఒకరు రాసింది ఇంకొకరు చదివేటప్పుడు ఇలా సరిచూడండి: పేరాలో మెసొపొటేమియా వాక్యాలన్నీ పెన్సిలుతో కొట్టేసి మిగిలింది చదవండి. ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతే ఆ పేరాలో పోలిక లేదన్నమాట. కుంటితే ఉన్నట్టు. మీ పాత పేరాల మీద ఇది ముందు చేసి చూస్తే, ఏవి నిలుస్తాయో అరగంటలో తెలుస్తుంది.

పట్టికను ప్రాజెక్టుతో జతచేయాలా అని మేడమ్‌ని అడగండి. ఎనిమిది పేజీల్లో దాన్ని లెక్కించకపోతే చివర అనుబంధంగా పెట్టండి, ‘దేన్ని బట్టి తెలిసింది’ గడితో సహా. లెక్కిస్తే పెట్టకండి, పేరాల్లో ఉన్నదే మళ్ళీ ఇచ్చినట్టవుతుంది. ఆ పేజీ వర్తకానికి వదిలితే షు-ఇలిషు ముద్రిక బొమ్మ గీయడానికి కూడా చోటుంటుంది.